నెల రోజులు, ఒకటే నీడ: రోజుకో ఫొటో, రోజుకో బొమ్మ మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల రోజుల పాటు రోజుకో ఫొటో తీయాలనో, రోజుకో బొమ్మ గీయాలనో అనుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇతివృత్తం. దాని గురించి అందరూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. పది ఇతివృత్తాలను పైపైన చెప్పేకంటే ఒక్కదాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్తే ఉపయోగం ఎక్కువని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ ఎంచుకున్నది నీడ. ఊరు హైదరాబాద్, నెల జనవరి. ఫోను ఉన్నవారికీ, పెన్సిలు పట్టేవారికీ ఇద్దరికీ పనికొస్తుంది.

ఇంటర్నెట్‌లో రోజుకో పదం ఇచ్చే పట్టికలు బోలెడు దొరుకుతాయి కదా, అవి చాలవా?

కొందరికి చాలు. అక్టోబరు నెలంతా రోజుకో సిరా బొమ్మ గీసే ఇంక్‌టోబర్‌ను అమెరికన్ చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో తన అభ్యాసం కోసం మొదలుపెట్టారు. తర్వాత అది ప్రపంచమంతా పాకింది. అందులో ఏటా రోజుకో పదంతో ఒక పట్టిక ఇస్తారు. ఏం గీయాలో తోచక కూర్చునేవారికి అది నిజంగా మేలు చేస్తుంది.

అయితే పదాల పట్టికతో చేసే నెలలో ప్రతి రోజూ సున్నా నుంచే మొదలవుతుంది. సోమవారం ‘తాళం’, మంగళవారం ‘అల’ అయితే సోమవారం నేర్చుకున్నది మంగళవారానికి పెద్దగా పనికిరాదు. ఒకే వస్తువును ముప్పై రోజులు చూస్తే నిన్నటి చూపు ఇవాళ్టికి పెట్టుబడి అవుతుంది. పన్నెండో రోజు నీడ అంచు మసకగా ఎందుకుందో అర్థమైనవారు పదమూడో రోజు ఆ మసకను కావాలని వెతుక్కుంటారు. మీకు కావలసింది చేతికి అలవాటు మాత్రమే అయితే పట్టిక తీసుకోండి. చూపు మారాలంటే ఒకే వస్తువు తీసుకోండి.

మంచి ఇతివృత్తమని ముందే ఎలా తెలుస్తుంది?

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజున కూడా ఇంటికి పది నిమిషాల దూరంలో అది దొరుకుతుందా? నిన్నటికీ ఇవాళ్టికీ అది దానంతట అదే మారుతుందా? దాని గురించి మీకు తెలియనిది ఇంకా ఉందా?

ఈ ఊళ్లో ఎక్కువమందికి ముందుగా తట్టే ఇతివృత్తాలు చార్మినార్, ఇరానీ చాయ్, హుస్సేన్‌సాగర్ మీద సూర్యాస్తమయం. మొదటిది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. వనస్థలిపురంలో ఉండేవారు రోజూ పాతబస్తీకి వెళ్లలేరు. చాయ్ అన్నిచోట్లా దొరుకుతుంది గానీ దానంతట అది మారదు. వారం తిరిగేసరికి కప్పును ఎటు తిప్పి పెట్టాలా అని ఆలోచించే పరిస్థితి వస్తుంది. సూర్యాస్తమయం మారుతుంది కానీ రోజుకు ఒక్కసారే దొరుకుతుంది, అదీ మీరు ట్రాఫిక్‌లో ఉన్న సమయంలో. పాత ఇళ్ల తలుపులు మంచి ఇతివృత్తమే, కాకపోతే అది సేకరణ అవుతుంది. తలుపులున్న పేట మీకు దగ్గరలో ఉండాలి.

నీడ ఈ మూడు ప్రశ్నలకూ నిలుస్తుంది. బాల్కనీలో ఉంటుంది, గంట గంటకూ మారుతుంది, పైగా దాని గురించి మనకు తెలుసనుకున్నది చాలా తక్కువని మూడో రోజుకే తెలుస్తుంది.

నీడల నెలకు హైదరాబాద్‌లో ఏ నెల మంచిది?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా బాగుంటుంది. నేనైతే జనవరినే చెబుతాను. ఆకాశం చాలా రోజులు తేటగా ఉంటుంది, సూర్యుడు నడినెత్తికి రాడు, నడవడానికి చలి గాలి బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో మాత్రం వద్దు. వానమబ్బుల కింద వెలుతురు నలువైపుల నుంచీ వస్తుంది, నీడకు అంచు ఉండదు. ఆ నెలల్లో చేయాలనుకుంటే నీటిలో ప్రతిబింబాలను ఇతివృత్తంగా పెట్టుకోవడం తెలివైన పని. మన రోడ్లమీద వాటికి కొరత ఉండదు.

ఇల్లు ఏ దిక్కున ఉందో కూడా చూసుకోవాలి. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జనవరిలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే వంగి నడుస్తాడు. అంటే దక్షిణపు బాల్కనీ ఉన్నవారికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ ఉంటుంది. ఉత్తరపు బాల్కనీకి ఆ నెలలో నేరుగా ఎండే రాదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా లెక్క తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు బాల్కనీ వారికి ఇంట్లో నీడలు కావాలంటే ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పూట ప్రయత్నించడం నయం, ఎండకు తట్టుకోగలిగితే.

రోజులో ఏ సమయం?

జనవరి మధ్యలో ఇక్కడ సూర్యుడు ఉదయం ఏడు గంటల లోపే వస్తాడు, సాయంత్రం ఆరు ప్రాంతంలో వెళ్తాడు. గడియారంలో పన్నెండు అయినంత మాత్రాన అది నడిమధ్యాహ్నం కాదు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమటగా ఉంది. అందువల్ల, ఏడాదిలో సూర్యుడి నడకలో వచ్చే చిన్న హెచ్చుతగ్గు కూడా కలిసి, జనవరి మధ్యలో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది 12:25 ప్రాంతంలో.

ఒక అడుగు ఎత్తున్న తులసి కుండను బాల్కనీ నేలమీద పెట్టి చూడండి. ఉదయం ఎనిమిదింటికి దాని నీడ దాదాపు నాలుగు అడుగులు సాగుతుంది. తొమ్మిదింటికి రెండడుగులే. పదింటికి అడుగూ పావు. నడిమధ్యాహ్నం ముప్పావు అడుగు కంటే కొంచెం ఎక్కువ. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య నీడ సగమైపోయిందని గమనించండి. ఆ గంటలో మీరు రెండుసార్లు టీ తాగి వస్తే బొమ్మ మారిపోయి ఉంటుంది. అందుకే పొడవైన, నాటకీయమైన నీడలు కావాలనుకునేవారు ఎనిమిదిన్నర లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయాలి. ఆకారం వస్తువుకు దగ్గరగా, చదవడానికి వీలుగా ఉండాలంటే పది గంటల వెలుతురు మేలు. కిటికీ ఊచల నీడ గోడమీద పడాలంటే ఎండ కిందుగా రావాలి, కనుక మళ్లీ ఉదయమో సాయంత్రమో.

ముప్పై రోజులను ఎలా పంచుకోవాలి? ఒక ఉదాహరణ ఇవ్వగలరా?

చిక్కడపల్లిలో మూడో అంతస్తులో ఉంటూ, దక్షిణపు బాల్కనీ ఉన్న ఒక ఉద్యోగిని అనుకుందాం. ఆఫీసు మాదాపూర్‌లో, ప్రయాణం మెట్రోలో, చేతిలో ఫోను మాత్రమే. ఆదివారాలు తప్ప వెలుతురులో ఆమెకు దొరికేది ఉదయం ఎనిమిదిన్నర లోపు సమయం, మధ్యాహ్న భోజన విరామం.

మొదటి వారమంతా ఇల్లు దాటకూడదని నియమం. తులసి కుండ, బట్టలు ఆరేసే తీగ, కుర్చీ, స్టీలు గ్లాసు, గాజు గ్లాసులో నీళ్లు, దువ్వెన, చివరగా తన చెయ్యి. ఇవి చూడటానికి చిన్నచిన్న వస్తువులే గానీ ఈ వారంలోనే అసలు పాఠాలన్నీ ఉన్నాయి. స్టీలు గ్లాసుకు ఒక నీడ, దాని పక్కనే గ్లాసు మెరుపు నేలమీద గీసిన వంపు గీత. నీళ్లున్న గాజు గ్లాసు నీడ నల్లగా ఉండదు. మధ్యలో కళ్లు చెదిరే వెలుగు గీత ఉంటుంది, ఎందుకంటే నీళ్లు కటకంలా ఎండను ఒకచోటికి చేరుస్తాయి. దువ్వెనను గోడకు ఆనించి పట్టుకుంటే పళ్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి. జానెడు దూరం జరిపితే పళ్లు కలిసిపోయి బూడిదరంగు పట్టీ అవుతుంది. దీని సంగతి కిందికి వస్తుంది, గుర్తుంచుకోండి.

రెండో వారం వీధిలోకి. ఇంటి నుంచి స్టేషను దాకా, స్టేషను నుంచి ఆఫీసు దాకా. తోపుడు బండి మీది గొడుగు నీడ, ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డవారి పొడవాటి కాళ్ల నీడలు, మెట్రో వంతెన స్తంభాల నీడలు. జనవరిలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి తూర్పు పడమరలుగా సాగే వంతెన నీడ మధ్యాహ్నం రోడ్డుకు ఉత్తరపు పక్కన పడుతుంది. బస్సు కోసం నిలబడేవారు ఎండ తప్పించుకోవడానికి ఆ పట్టీ మీద వరుసగా చేరడం చూస్తే, నీడ తన బొమ్మను తానే వేసుకుంటోందనిపిస్తుంది. సంక్రాంతి ఈ వారంలోనో దాని అంచునో పడుతుంది. వాకిట్లో ముగ్గు, మేడమీద గాలిపటాలు.

మూడో వారాన్ని జాలీలకు కేటాయించాలి. ఇది వారాంతం మీద ఆధారపడే వారం. సంతోష్‌నగర్ దగ్గరి పైగా వంశీయుల సమాధులకు ఒక ఆదివారం ఉదయం వెళ్తే నాలుగైదు రోజులకు సరిపడా చూసి రావచ్చు. అక్కడి జాలీల్లో రేఖాగణిత అల్లికలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి, ఎండ వాటిలోంచి నేలమీదికి దిగుతుంది. మిగతా రోజులకు పాత ఇళ్ల వరండా జాలీలు, సిమెంటు గవాక్షాలు, మెట్ల దారిలో ఇటుకల మధ్య వదిలిన సందులు చాలు. మన అపార్ట్‌మెంట్ల మెట్ల దగ్గర ఉండే ఆ సందుల మీద ఎవరూ దృష్టి పెట్టరు. సాయంత్రం నాలుగున్నరకు అవి గోడమీద వేసే గళ్లు చాలా గొప్పగా ఉంటాయి.

నాలుగో వారం రంగు, రాత్రి. తోలుబొమ్మలాట ఆడేవారు తోలును వెలుగు దూరేంత పలుచగా చేసి రంగులు వేస్తారు, అందుకే తెరమీది నీడ నల్లగా కాక రంగుల్లో కనిపిస్తుంది. అదే సూత్రంతో లాడ్ బజార్ గాజుల్లో వెలుతురు దూరే గాజువి తెచ్చి తెల్లకాగితం మీద నిలబెట్టండి, రంగు నీడలు పడతాయి. లక్క గాజులు వెలుతురును పోనివ్వవు, వాటికి మామూలు నీడే. రాత్రికి వీధి దీపాలు. కొన్ని ఎల్‌ఈడీ దీపాల్లో చిన్న చిన్న బల్బులు వరుసగా ఉంటాయి. వాటికి దగ్గరగా ఉన్న కొమ్మ నీడకు ఒకటి కాదు, మెట్లు మెట్లుగా చాలా అంచులు వస్తాయి.

మిగిలిన ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచండి. జ్వరానికో, మబ్బుకో అవి పనికొస్తాయి.

ఫోనులో తీస్తే నీడ నల్లగా రావడం లేదు, వెలిసిపోయినట్టు ఉంటోంది. ఎందుకు?

ఫోను మీకు మేలు చేస్తున్నానని అనుకుంటుంది. ఎండ, నీడ రెండూ ఉన్న దృశ్యం కనబడగానే అది రెండు మూడు ఫొటోలు కలిపి నీడను వెలిగిస్తుంది. మామూలు ఫొటోలకు అది మంచిదే, మన పనికి మాత్రం పనికిరాదు. కెమెరా సెట్టింగుల్లో HDR అని ఉంటే ఆపేయండి. తర్వాత తెరమీద ఎండ పడిన గోడను వేలితో తాకండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. ఎంత జరపాలి? ఎండ పడిన చోట సున్నం గరుకు, గోడ పగుళ్లు కనిపించేంత వరకు. అవి కనిపించకుండా తెల్లగా కాలిపోయి ఉంటే ఇంకా తగ్గించాలి. అప్పటికి నీడ తనంతట తానే చిక్కబడి ఉంటుంది.

విడి కెమెరా ఉన్నవారికి పాత ఫిల్ము రోజుల సూత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100 ఉంటే f/16 వద్ద సెకనులో 100వ వంతు, లేదా f/8 వద్ద 400వ వంతు. తెల్ల గోడ అయితే దానికంటే ఒక మెట్టు తగ్గించండి. ఉదయం ఎనిమిదింటి ఎండ బలహీనంగా ఉంటుంది కనుక ఒక మెట్టు పెంచవలసి రావచ్చు.

ఇంకొక ఫిర్యాదు కూడా వస్తుంది: నీడ నీలంగా వస్తోందని. అది లోపం కాదు. ఎండ పడిన చోటికి సూర్యుడి వెలుగు, నీడ పడిన చోటికి ఆకాశపు వెలుగు వస్తాయి, ఆకాశం నీలం. తెల్ల సున్నపు గోడమీద ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఫోను తనకు తోచినట్టు రంగు దిద్దకుండా వైట్ బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు దగ్గర నిలిపేస్తే ఆ నీలం నెలంతా ఒకేలా ఉంటుంది. ముప్పై ఫొటోలు పక్కపక్కన పెట్టినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

కొన్ని నీడల అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, కొన్నిటిది మసకగా ఉంటుంది. ఫోకస్ తప్పా?

కాదు, సూర్యుడు చుక్క కాకపోవడం. ఆకాశంలో ఆయన సుమారు అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. నీడ అంచు దగ్గర నిలబడి చూసే చీమకు సూర్యుడు సగం కనిపిస్తూ సగం కప్పబడి ఉంటాడు. ఆ సగం సగం వెలుతురే మసక. దాని వెడల్పుకు సులువైన లెక్క ఉంది. వస్తువుకూ నీడ పడే చోటుకూ మధ్య ఎంత దూరముందో దాన్ని దాదాపు నూరుతో భాగించండి. మీటరు దూరమైతే సెంటీమీటరు మసక. పది మీటర్లయితే జానెడులో సగం.

ఇప్పుడు దువ్వెన సంగతి అర్థమవుతుంది. పళ్ల మధ్య సందు మిల్లీమీటరు. జానెడు దూరానికి మసక రెండు మిల్లీమీటర్లు. సందు కంటే మసక పెద్దదైతే పళ్లు కరిగిపోతాయి. పైగా వంశీయుల సమాధుల జాలీ దగ్గర కూడా ఇదే లెక్క. నీడ జాలీకి దగ్గరలో పడినప్పుడు నక్షత్రాలు, షట్కోణాలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఎండ బాగా కిందుగా వచ్చి నీడ గది లోపలిదాకా వెళ్తే మూలలు గుండ్రబడి, చివరికి అన్నీ వెలుగు చుక్కలవుతాయి. ఆ చుక్కలు సూర్యుడి బొమ్మలే. చింతచెట్టు కిందా, వేపచెట్టు కిందా మధ్యాహ్నం నేలమీద కనిపించే గుండ్రటి చుక్కలూ అవే. ఆకుల మధ్య సందులు ఏ ఆకారంలో ఉన్నా చుక్క గుండ్రంగానే వస్తుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున అవన్నీ నెలవంకలవుతాయి. 2019 డిసెంబరు 26 ఉదయం గ్రహణాన్ని ఇక్కడ చెట్ల కింద చూసినవారికి గుర్తుండే ఉంటుంది.

సంక్రాంతి రోజు చేయదగిన పని ఒకటుంది. రెండడుగుల వెడల్పున్న గాలిపటం నీడను మేడమీద వెతకండి. తక్కువ ఎత్తులో ఉన్నంతసేపు గోధుమరంగు మరకలా నీడ పరుగెడుతుంది. నీడ పడే చోటికి గాలిపటం అరవై డెబ్బై మీటర్ల దూరం దాటిందంటే సూర్యుణ్ణి పూర్తిగా కప్పేంత వెడల్పు దానికి ఉండదు, నిండు నీడ మాయమవుతుంది. దారం వదులుతూ వదులుతూ నీడ ఎక్కడ పోయిందో ఫొటోల వరుసగా తీస్తే ఆ రోజు పని అయిపోయినట్టే.

మబ్బు పట్టిన రోజు ఏం చేయాలి?

దీపం పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు పిల్లలు గోడమీద కుక్కలూ కుందేళ్లూ ఆడించినట్టే, చీకటి గదిలో ఫోను టార్చి చాలు. టార్చి వెలుగు చిన్న చుక్క నుంచి వస్తుంది కాబట్టి, టార్చిని వస్తువుకు కాస్త దూరంగా పెడితే అంచు సూర్యుడి నీడకంటే పదునుగా ఉంటుంది. వస్తువును దీపానికి దగ్గరగా జరిపితే నీడ పెద్దదవుతుంది, సూర్యుడి దగ్గర ఇది సాధ్యం కాదు. గదిలో ట్యూబులైటు వేసి చూస్తే ఇంకో వింత. పొడవైన దీపం కాబట్టి దానికి సమాంతరంగా పట్టుకున్న పెన్సిలు నీడ కనిపిస్తుంది, అడ్డంగా తిప్పితే మాయమవుతుంది.

నేను ఫొటోలు తీయను, బొమ్మలు గీస్తాను. నాకు ఏం మారుతుంది?

సమయం. ఫొటోకు నీడ కదలడం సమస్య కాదు, గీసేవారికి అదే పెద్ద సమస్య. ఉదయం ఎనిమిదింటికి నాలుగడుగులున్న ఆ కుండ నీడ పది నిమిషాల్లోనే అర అడుగుకు పైగా తగ్గుతుంది. కుండను ముద్దుగా గీసి, ఆకులు దిద్ది, తర్వాత నీడ దగ్గరికి వస్తే ఎనిమిదింటి కుండకు ఎనిమిదీ ముప్పావు నీడ అతుక్కుంటుంది. చూసేవారికి తప్పేమిటో చెప్పడం రాదు గానీ బొమ్మ ఎక్కడో పొసగలేదని తెలుస్తుంది. కాబట్టి కూర్చున్న వెంటనే నీడ హద్దు ఒక్కటే గీయండి, మూడు నాలుగు నిమిషాల్లో. కాగితం మూల సమయం రాయండి. వస్తువు ఎక్కడికీ పోదు, తీరిగ్గా గీసుకోవచ్చు. ఇంకా సులువైన దారి కాగితాన్ని నేలమీద పరిచి, నీడ దానిమీదే పడేలా చేసి, హద్దును పెన్సిలుతో దిద్దడం. పావుగంట తర్వాత అదే కాగితం మీద మళ్లీ దిద్దండి, మళ్లీ పావుగంటకు మరోసారి. మూడు గీతలు కలిసి ఒక బొమ్మ.

నీటిరంగుల్లో నీడకు నలుపు వాడకండి, బొమ్మకు చిల్లు పడినట్టుంటుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే సున్నపు గోడ నీడ, సియెన్నా ఎక్కువైతే ఎర్రమట్టి మీది నీడ. దాన్ని పలుచగా, ఒకే పూతగా వేయాలి. ఆరకముందే రెండోసారి కుంచె పెడితే మరకలు తేలతాయి. మన జనవరి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పూత త్వరగా ఆరుతుంది, అందుకని రంగు ముందే ఎక్కువగా కలిపి పెట్టుకోండి. కాగితం 300 జీఎస్‌ఎం అయితే వంకర్లు పోదు. కోఠి, ఆబిడ్స్ స్టేషనరీ దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది.

పదో రోజుకే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఇతివృత్తం మార్చేయాలా?

మార్చకండి, ముందు ఇది చేయండి. ఇప్పటిదాకా తీసినవన్నీ ఫోను గ్యాలరీలో చిన్న చిన్న గళ్లుగా కనిపించేలా పెట్టి చేయి చాచినంత దూరం నుంచి చూడండి. ఎక్కువమందికి అప్పుడు తెలిసేది వస్తువులు ఒకేలా లేవని, తాము నిలబడిన చోటే ఒకేలా ఉందని. అన్నీ నిలబడి, కిందికి వంగి, అయిదడుగుల దూరం నుంచి తీసినవై ఉంటాయి. నీడ ప్రతిసారీ కుడివైపుకే వాలి ఉంటుంది, ఎందుకంటే రోజూ ఒకే గంటలో ఒకే వైపు తిరిగి తీస్తున్నారు.

మందు అందులోనే ఉంది. తర్వాతి మూడు రోజులు వస్తువును చట్రంలోంచి తీసేసి నీడ ఒక్కటే ఉంచండి. ఆ తర్వాతి మూడు రోజులు ఫోనును నేలకు ఆనించి, సూర్యుడి ఎదురుగా తీయండి, నీడ మీవైపుకు పాక్కుంటూ వస్తుంది. మెట్ల మీద పడే నీడను కూడా ప్రయత్నించండి. నిటారు స్తంభం నీడ మెట్లమీద విరిగి విరిగి పడుతుంది.

ఒక రోజు తప్పితే?

మర్నాడు రెండు చేయకండి. తప్పిన రోజు తేదీతో ఆ గడిని ఖాళీగా వదిలేయండి. అప్పు తీర్చే ఫొటోలు చూడగానే తెలిసిపోతాయి.

వీధిలో మనుషుల నీడలు తీయవచ్చా? కట్టడాల దగ్గర అనుమతి కావాలా?

నీడలో ముఖం ఉండదు, ఈ ఇతివృత్తానికి అదొక వెసులుబాటు. అయినా ఒకరి వాకిట్లో ముగ్గుమీదికి వంగి ఫొటో తీసేటప్పుడు ‘అమ్మా, ఒక్క ఫొటో తీసుకోనా’ అని అడగడానికి అర నిమిషం పట్టదు. చాలామంది కాదనరు, పైగా ముగ్గును ఏ వైపు నుంచి చూస్తే బాగుంటుందో వారే చెబుతారు. చార్మినార్, గోల్కొండ వంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల దగ్గర చేతిలో పట్టుకుని తీయడానికి ఇబ్బంది లేదు. ట్రైపాడ్ నిలబెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సమాధుల దగ్గర ప్రార్థన చేసుకునేవారు ఉంటే కెమెరా దించి ఆగండి.

నీడ లేని రోజు అంటారే, అది నిజమా?

నిజమే. హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మధ్యాహ్నం 12 దాటిన పది ఇరవై నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన డబ్బా నీడ దాని కిందే ఇమిడిపోతుంది. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీవారికి ఈ అవకాశం ఎప్పుడూ రాదు. మే నెలలో నీడల నెల చేసే మొండివారుంటే వారికి ఇదొక్కటే పెద్ద బహుమానం. గొట్టంలా నిలువు గోడలున్న వస్తువును ఎంచుకుని, నీటి మట్టం చూసే పరికరంతోనో ఫోనులోని లెవెల్‌తోనో బల్ల సమంగా ఉందో లేదో ముందు చూసుకోండి. బల్ల రెండు డిగ్రీలు వాలినా నీడ ఒక పక్కకు తొంగిచూస్తుంది.

నెల అయ్యాక ముప్పై బొమ్మలతో ఏం చేయాలి?

వారం రోజులు ముట్టుకోకండి. తర్వాత అన్నిటినీ పోస్టుకార్డు సైజులో ప్రింటు తీయించి నేలమీద పరచండి. తీసిన తేదీల వరుసలో కాదు, నీడ పొడవును బట్టి అమర్చండి, పొట్టివి ఒక చివర, సాగినవి మరో చివర. అప్పుడు మధ్యలో కొన్ని ఒకే మాట మళ్లీ చెబుతున్నట్టు కనిపిస్తాయి, వాటిలో ఒకటి ఉంచి మిగతావి పక్కన పెట్టండి. సాధారణంగా పది పన్నెండు మిగులుతాయి. ప్రతి ప్రింటు వెనుక తీసిన చోటు, తేదీ, సమయం రాయండి. వచ్చే జూన్‌లో మబ్బులు కమ్మేలోపు అదే చోటికి, అదే గంటకు వెళ్లి మళ్లీ ఒకటి తీస్తే, జనవరిలో ఉత్తరానికి వాలిన నీడ మిట్టమధ్యాహ్నం కాస్త దక్షిణానికి వాలి ఉంటుంది.